వాషింగ్ మెషిన్ ఇన్‌లెట్ పైపు ఉబ్బింది, టేపు చుట్టి వాడుకోవచ్చా?

"మాది కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, నాలుగో ఫ్లోర్. ఫ్రంట్ లోడ్ మెషిన్ కొని ఆరేళ్ళయింది. రెండు నెలల కింద బిల్డింగ్‌కి ప్రెషర్ పంపు పెట్టించారు. ఇప్పుడు మెషిన్‌కి నీళ్ళొచ్చే పైపు ట్యాప్ నట్టు కింద ఉసిరికాయంత ఉబ్బింది, అక్కడే కాస్త తడి కూడా ఉంటోంది. ప్లంబర్ టేపు చుట్టి 'ఏం కాదు సార్' అని వెళ్ళాడు. మార్చాలా? సింకు కింద, గీజర్ దగ్గర ఉన్న కనెక్షన్ పైపులు కూడా మార్చాలా?"

ముందు లేచి వెళ్ళి ఆ ట్యాప్ కట్టేసి రండి సార్, తర్వాత తీరిగ్గా చదువుకోండి. మార్చాలి. వచ్చే నెల కాదు, ఆదివారం కూడా కాదు, ఆ పైపుతో ఇంకొక్క లోడు కూడా వెయ్యొద్దు. ఉతకాల్సిన బట్టలుంటే బకెట్లో నానబెట్టండి, లేదా పక్కింట్లో వేయించుకోండి, పైపు మాత్రం మార్చాకే ట్యాప్ తిప్పండి.

నేను విజయవాడలో పదకొండేళ్ళు వాషింగ్ మెషిన్ సర్వీసు చేశాను, ఇప్పుడు ఎనిమిదేళ్ళుగా ఒక అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. పైపు విషయంలో అందరూ అడిగేది ఒకటే, కారట్లేదు కదా ఇప్పుడే ఎందుకు మార్చాలి అని. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కారే పైపు కన్నా ఉబ్బిన పైపే ప్రమాదం. ఎందుకో చెప్తాను.

ఆ పైపు పైకి ఒకటే గొట్టంలా కనపడుద్ది గానీ లోపల మూడు పొరలుంటాయి. లోపల నీళ్ళు తగిలేది మెత్తటి రబ్బరు ట్యూబో ప్లాస్టిక్ ట్యూబో, దాని మీద దారంతో అల్లిక, ఆ పైన బూడిద రంగు తొడుగు. నీళ్ళు బయటికి రాకుండా ఆపేది ట్యూబు, కానీ ప్రెషర్‌ని కాచేది మాత్రం ఆ దారం అల్లిక. సైకిల్ టైరు చూశారుగా, టైరు ఒకచోట చిరిగితే లోపలి ట్యూబు ఆ చిరుగులోంచి బుడగలా బయటికొస్తది, ట్యూబుకి ఇంకా చిల్లు పడలేదు, గాలి కూడా పోవట్లేదు, కానీ దాని మీద ఎవరూ ఊరు దాటే ధైర్యం చెయ్యరు. మీ పైపుకి జరిగింది అచ్చం అదే. ఉబ్బిన చోట అల్లిక తెగిపోయింది, లోపలి ట్యూబు ఒక్కటే మోస్తోంది. ఇంకో సంగతి ఏంటంటే ట్యూబు ఎంత లావైతే దాని గోడ అంత పల్చబడుద్ది, అదే ప్రెషర్‌కి లావైన చోట లాగుడు ఇంకా ఎక్కువ పడుద్ది, అంటే ఉబ్బు దాన్నదే పెంచుకుంటా పోద్ది. బెలూను ఊదేటప్పుడు మొదటి ఊపు కష్టంగా ఉండి, ఒక్కసారి ఉబ్బడం మొదలయ్యాక తేలిగ్గా పోద్ది చూడండి, అలాగన్నమాట. అందుకే ఉసిరికాయంత ఉబ్బు రెండు నెలలు అలాగే ఉండి ఒక రాత్రి నిమ్మకాయంత అయ్యి టప్పున పగిలిపోవచ్చు. ముందు చుక్క చుక్క కారి చెప్పి మరీ పగలాలని రూలేం లేదు.

టేపు సంగతి. ఉబ్బు మీద టేపు గానీ ఎం-సీల్ గానీ ట్యూబు ముక్క కోసి బిగించి కట్టడం గానీ ఏదీ పనికిరాదు. తెగిన అల్లిక లోపల ఉంది, మీరు చుట్టేది పైతొడుగు మీద. పైగా టేపు కింద ఏం జరుగుతోందో కనపడకుండా పోద్ది, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించేది. విప్పేసి చూడండి ఒకసారి, మూసిన ట్యాపుతోనే.

ఆ చూడ్డం ఎలాగంటే, ట్యాప్ కట్టేసినా పైపులో ప్రెషర్ అలాగే నిలబడి ఉంటది, కాబట్టి మెషిన్ ఆన్ చేసి ఏదో ఒక ప్రోగ్రాం స్టార్ట్ కొట్టండి, నీళ్ళు తీసుకునే వాల్వు తెరుచుకుని పైపులో ఉన్న ఒత్తిడి మెషిన్‌లోకి వదిలేస్తది. అరనిమిషం చాలు, తర్వాత ఆఫ్ చేసి ప్లగ్గు పీకెయ్యండి. ఇప్పుడు ఉబ్బు కాస్త కుంగిపోయి కనపడుద్ది. బొటనవేలితో ముందు బాగున్న చోట నొక్కండి, గట్టిగా ఉండి వెంటనే తిరిగొస్తది. తర్వాత ఉబ్బు మీద నొక్కండి, బాగా మగ్గిన జామకాయలా వేలు లోపలికి పోద్ది, గుంట పడి నిదానంగా లేస్తది. ఇక దాని గురించి ఇంకెవర్నీ అడగక్కర్లేదు. ప్రెషర్ ఉన్నప్పుడు మాత్రం ఉబ్బుని నొక్కకండి, చేతిలోనే పగిలితే మొహం మీదికే కొడతది.

ఉబ్బు ఇంకా చిన్నగా ఉండి, ఇది పైపు మోడలే ఇలా ఉందా లేక ఉబ్బిందా అని అనుమానం వచ్చే వాళ్ళకి ఒక దారపు పరీక్ష చెప్తాను. కుట్టుదారం తీసుకుని పైపు నడిమధ్య ఒక చుట్టు చుట్టి, దారం కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి స్కేలు మీద కొలవండి. అదే పని నట్టు దగ్గర, మెషిన్ వెనక మలుపు దగ్గర చెయ్యండి. మామూలు పైపుకి ఆరు సెంటీమీటర్లు అటూ ఇటూగా వస్తది, బాగున్న పైపైతే మొదటి నుంచి చివరి దాకా ఒకటే కొలత రావాలి. ఒక చోట అర సెంటీమీటర్ ఎక్కువొచ్చినా సరే, నేనైతే మార్చేస్తాను. మా బిల్డింగులో మూడో ఫ్లోర్ పైపు ఒకటి ఇలాగే కొలిస్తే మధ్యలో ఆరు, మలుపు దగ్గర ఏడున్నర వచ్చింది, కళ్ళతో చూస్తే ఏమీ తెలీలేదు, అది మెషిన్‌కీ గోడకీ మధ్య నలిగి ఉంది.

ఇప్పుడు తడి సంగతి. మీరు తడి అన్నారు గానీ ఎక్కడి నుంచి అనేది తేల్చుకోవాలి, ఎందుకంటే తడుల్లో బాగుచేసుకునేది ఒకటుంది, పారెయ్యాల్సింది ఒకటుంది. పొడి గుడ్డతో నట్టు, దాని కింద పైపుని పట్టి నొక్కిన లోహపు కప్పు, ఆ కింద పైపు అన్నీ బాగా తుడిచి, టిష్యూ పేపర్ చిన్న ముక్కలు మూడు చింపి ఒక్కో చోట ఒక్కోటి చుట్టి పెట్టండి. మామూలుగా అయితే ట్యాప్ తెరిచి పావుగంట చూడమంటాను, మీ పైపుకి మాత్రం వద్దు, ఉబ్బు లేని పైపులకే ఈ పరీక్ష. పైన, ట్యాపు నట్టు కలిసే చోట పేపర్ తడిస్తే లోపల రబ్బరు వాషర్ పోయింది, పది రూపాయల పని. కప్పు దిగువ అంచులోంచి గానీ పైపు ఒంటి మీద నుంచి గానీ తడి ఊరితే లోపలి ట్యూబు చిట్లింది, నీళ్ళు అల్లిక వెంట పాకి బయటికొస్తున్నాయి, ఆ పైపు ఆయుష్షు అయిపోయినట్టే. ఆ కప్పుని పానాతో ఇంకా నొక్కి బిగిద్దామని చూసే వాళ్ళున్నారు, అలా చేస్తే లోపల ట్యూబు కోసుకుపోద్ది.

తడి కనపడకుండా ఆరిపోయే ఇళ్ళల్లో ఇంకో గుర్తు ఉంటది, బోరు నీళ్ళ వాళ్ళకి ఇది బాగా పనికొస్తది. చుక్క బయటికొచ్చి గాలికి ఆరిపోద్ది, దాంట్లో ఉన్న సున్నం మాత్రం అక్కడే ఉండిపోద్ది. నట్టు కింద తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు చార కనపడితే అది ఎప్పటి నుంచో ఊరుతోందని అర్థం. ఇత్తడి నట్టు అయితే పచ్చగా చిలుం పడుద్ది. గోటితో గీకేసి శుభ్రంగా తుడిచి, పది రోజులాగి మళ్ళీ చూడండి, మళ్ళీ వచ్చిందంటే ఇంకా నడుస్తోంది, రాకపోతే ఎప్పుడో పాతది.

ఇంక మీ ప్రెషర్ పంపు. బిల్డింగ్ వాళ్ళతో గొడవకి దిగకముందు లెక్క చూడండి. పది మీటర్ల ఎత్తున్న నీళ్ళకి సుమారు ఒక బార్ ప్రెషర్ వస్తది. మీది నాలుగో ఫ్లోర్, పైన ఇంకొక ఫ్లోరు, దాని పైన స్లాబు, స్టాండ్ మీద ట్యాంకు, అంతా కలిపినా మీ ట్యాప్ నుంచి ట్యాంకులో నీళ్ళ దాకా ఎనిమిది మీటర్లు అనుకుందాం, అంటే ఆరేళ్ళుగా ఆ పైపు మోసింది ముప్పావు బార్ పైచిలుకు. ఇప్పుడు పంపు రెండున్నర బార్‌కి పెట్టారనుకోండి, ఒకేసారి మూడు రెట్లు. దానికి తోడు మెషిన్‌లో వాల్వు కరెంటుతో పనిచేసేది, మన చేత్తో ట్యాప్ తిప్పినట్టు నిదానంగా మూసుకోదు, ఠక్కున మూస్తది, ఆ క్షణం పరిగెత్తే నీళ్ళు గోడకి గుద్దుకున్నట్టు ఆగి పైపులో ప్రెషర్ ఒక్కసారి పైకి లేస్తది. మెషిన్ నీళ్ళు తీసుకోవడం ఆపినప్పుడు పైపు ఎగిరినట్టు కదిలి గోడలో ఠక్ మని సౌండు వస్తోందా చూడండి, పంపు పెట్టాక ఆ సౌండు పెరిగి ఉంటది.

అయినా నేను పంపుదే తప్పు అనను. మెషిన్‌తో వచ్చే పైపులు పది బార్ దాకా తట్టుకునేలా చేస్తారు, చాలా వాటి మీద ఆ మాట అచ్చు వేసి కూడా ఉంటది. బాగున్న పైపుకి రెండున్నర బార్ ఓ లెక్క కాదు. మీ పైపు ముందే లోపల బలహీనపడి ఉంది, ఎనిమిది మీటర్ల నీళ్ళకి బయటపడలేదు, పంపు వచ్చి బయటపెట్టింది అంతే. కాబట్టి మీ బిల్డింగ్‌లో మిగతా ఫ్లాట్ల వాళ్ళకి కూడా చెప్పండి, పంపు కొత్త, పైపులు పాత, ఇలాంటి బిల్డింగుల్లో మొదటి రెండు మూడు నెలల్లోనే ఒక్కోటి బయటపడతాయి.

పగిలితే ఏమవుతదో కూడా చెప్పాలి. ట్యాంకు నుంచి ఊరికే దిగే నీళ్ళయితే ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ కాస్త తగ్గుద్ది, పంపు ఉన్న చోట అలా కాదు, ప్రెషర్ పడిపోయిందని పంపే ఆన్ అయ్యి ఇంకా తోస్తది, దానికేం తెలుసు ఎవరో స్నానం చేస్తున్నారో పైపు పగిలిందో. నిమిషానికి పన్నెండు లీటర్లు వేసుకున్నా రాత్రి ఆరు గంటల్లో 4,000 లీటర్లు దాటుద్ది. యుటిలిటీలో ఉన్న జాలీ ట్రాపు ఆ వేగానికి సరిపోదు, అందులో ఓ సాక్సు అడ్డం పడిందంటే నీళ్ళు వంటింట్లోకి, అక్కడి నుంచి హాల్లోకి, కింది ఫ్లాటు సీలింగులోకి.

ఈ రాత్రి పూట వరద నేను ఒకసారి స్వయంగా తెచ్చిపెట్టాను, చెప్తే సిగ్గే గానీ మీ రెండో ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. సర్వీసులో చేరిన రెండో ఏడు, పటమటలో ఒకరింట్లో మెషిన్ బాగుచేయడానికి వెళ్తే వాళ్ళ అమ్మగారు బాబూ పనిలో పనిగా వాష్‌బేసిన్ కనెక్షన్ పైపు కూడా మార్చిపెట్టు అన్నారు. ప్లాస్టిక్ నట్టున్న పైపు, చేత్తో బిగించాను, చుక్క కనపడింది, వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూడకుండా పానా వేసి కిర్రుమనేదాకా తిప్పాను. చుక్క ఆగింది, కాఫీ తాగి వచ్చేశాను. నాలుగు నెలల తర్వాత తెల్లవారుజామున ఫోను. వెళ్ళి చూస్తే నట్టు మెడ దగ్గర, అంటే పైపుని పట్టుకునే అంచు ఉంటది కదా, సరిగ్గా అక్కడ ఉంగరంలా చుట్టూ కోసినట్టు విరిగిపోయి పై సగం యాంగిల్ వాల్వు మీదే ఉండిపోయింది, పైపు కింద పడి పాములా కొట్టుకుంటోంది. ఎక్కువ బిగించిన ప్లాస్టిక్ ఆ రోజే పగలదు, లాగుడులో ఉండీ ఉండీ వెంట్రుకంత పగులు పడి నెలల తర్వాత విరుగుద్ది. అప్పటి నుంచి ఎవరింటికెళ్ళినా సింకు కింద ముందు ఆ నట్టు మెడే టార్చి వేసి చూస్తాను, తెల్లటి గీత కనపడితే అది పగులు మొదలైన చోటు.

కాబట్టి మీ కనెక్షన్ పైపులన్నీ గుడ్డిగా మార్చక్కర్లేదు, కానీ ఒక్కోదాని దగ్గర ఐదు నిమిషాలు కూర్చోండి. స్టీల్ జాలీ అల్లిన పైపైతే పాత కాటన్ గుడ్డతో పై నుంచి కింద దాకా ఒకసారి నిమరండి, ఎక్కడన్నా దారాలు పట్టుకుని లాగినట్టైతే అక్కడ తీగ తెగింది. ఉత్త చేత్తో చెయ్యకండి, సూదిలా గుచ్చుకుంటది. నాలుగైదు తీగలు తెగి లోపలి నల్ల ట్యూబు కనపడుతోందంటే ఇది కూడా మీ వాషింగ్ మెషిన్ పైపు జాతే. తుప్పు చుక్కలు ఎక్కువగా కమోడు ఫ్లష్ ట్యాంకు పైపు మీద, సింకు కింద పైపు మీద వస్తాయి, కారణం మనం కడిగే యాసిడ్, బ్లీచింగు. స్టీలే కదా తుప్పు పట్టదు అనుకుంటాం, ఆ ఆవిరి మూసిన అరలో రాత్రంతా ఉంటే ఆ సన్నటి తీగలు ఎక్కువ కాలం నిలబడవు. సింకు కింద యాసిడ్ సీసా పెట్టుకునే అలవాటుంటే ముందు అది తీసి బయట పెట్టండి.

గీజర్ దగ్గర మాత్రం నేను కొంచెం కఠినం. అక్కడ తెల్లటి ప్లాస్టిక్ కనెక్షన్ పైపు ఉంటే, ఉబ్బినా ఉబ్బకపోయినా, మార్చెయ్యండి. వేడికి ఆ ప్లాస్టిక్ మెత్తబడుద్ది, మెత్తబడ్డ దాని మీద మీ కొత్త పంపు ప్రెషర్ పడుద్ది, పగిలితే వచ్చేది ఒళ్ళు కాలే వేడి నీళ్ళు, కింద స్నానానికి నిలబడేది మనిషి. వేడి నీళ్ళకి పనికొస్తదని రాసి ఉన్న స్టీల్ అల్లిక పైపులు రెండు తెచ్చి, వచ్చే వైపు పోయే వైపు రెండూ మార్చండి. గీజర్ స్విచ్ ఆపి నీళ్ళు చల్లారాకే చెయ్యి పెట్టాలి.

ఇప్పుడు మీ మెషిన్ పైపు మార్చడం. ప్లంబర్ అక్కర్లేదు సార్, మీరే చేసుకోవచ్చు, నిదానంగా చేస్తే అరగంట.

కొనేముందు పురికోస తీసుకుని ట్యాప్ నుంచి మెషిన్ వెనక వాల్వు దాకా పైపు వెళ్ళే దారిలోనే పరిచి కొలవండి, దానికి ఇంకో రెండడుగులు కలపండి. సరిగ్గా సరిపోయే పైపు తెస్తే బిగుతుగా లాగి ఉంటది, స్పిన్ తిరిగేటప్పుడు ఆ లాగుడంతా నట్టు దగ్గర పడుద్ది. మరీ పొడుగుదైతే మడతలు పడుద్ది. చిన్నది తెచ్చి మధ్యలో జాయింట్ వేసి క్లిప్పులు బిగించే పని అస్సలు వద్దు, తోటకి నీళ్ళు పెట్టే పైపు వాడడం అంతకన్నా వద్దు. ఫ్రంట్ లోడ్‌కి మామూలుగా రెండు వైపులా ముప్పావు ఇంచి నట్టే ఉంటది, అయినా పాత పైపు విప్పి చేత్తో పట్టుకుని షాపుకెళ్ళండి, తప్పు సైజు తెచ్చుకుని రెండుసార్లు తిరిగే బాధ ఉండదు. మీ మెషిన్ కంపెనీ పైపు దొరికితే అదే మంచిది, బయటిదైతే ప్రెషర్ ఎంతవరకో పైపు మీద రాసి ఉందా, నట్టు లోపల రబ్బరు వాషర్ ఉందా, నట్టు కింద కప్పు చుట్టూ ఒకే తీరుగా నొక్కి ఉందా చూసుకోండి. షాపులో ఏళ్ళ తరబడి ఎండలో వేలాడదీసిన పైపు వద్దు, కవర్‌లో ఉన్నది అడగండి. చిన్న డబ్బా లాంటిది ట్యాప్ వైపు ఉండి, పైపు లావుగా రెండు పొరలతో ఉంటే అది పగిలినా నీళ్ళు ఆపే రకం, అలాంటిదైతే అలాంటిదే తెచ్చి మొత్తం మార్చాలి, మధ్యలో కొయ్యకూడదు.

ప్లగ్గు పీకి, ట్యాప్ కట్టి, ఇందాక చెప్పినట్టు ప్రెషర్ వదిలేసి, కింద ఒక పాత టవలు, ప్లాస్టిక్ టబ్బు పెట్టుకోండి, ఎంత వదిలినా పైపులో కాసిని నీళ్ళు ఉంటాయి. ట్యాప్ వైపు ముందు విప్పండి. మెషిన్ వైపు నట్టు బిగుసుకుపోయి ఉంటే గుడ్డ చుట్టి పట్టుకారుతో నట్టు మాత్రమే తిప్పండి, రెండో చెయ్యి వాల్వు మీద ఆనించి ఉంచాలి. ఆ వాల్వు మర ప్లాస్టిక్, దాన్ని మెలితిప్పి విరగ్గొడితే పైపు కన్నా ఎక్కువ ఖర్చవుద్ది. నట్టు తీశాక వాల్వు నోట్లో చిన్న జాలీ కనపడుద్ది, ముక్కుపట్టకారుతో మధ్యలో ఉన్న బొడిపె పట్టి నెమ్మదిగా లాగితే వస్తది, పంపు పెట్టినప్పుడు లైన్లో కదిలిన ఇసుక, తుప్పు అంతా దాంట్లో చేరి ఉంటది, పాత టూత్ బ్రష్‌తో కడిగి మళ్ళీ పెట్టండి. ట్యాప్ కూడా పైపు పెట్టకముందు ఒక్క రెండు సెకన్లు బకెట్లోకి వదిలి కట్టెయ్యండి.

కొత్త పైపు నట్టు లోపల వేలు పెట్టి చూడండి, వాషర్ అడుగున చదునుగా కూర్చుని ఉండాలి, కొన్నిసార్లు కవర్‌లోనే ఊడిపడి ఉంటది. నట్టు మర మీద టెఫ్లాన్ టేపు చుట్టకండి. ఇది చాలామంది ప్లంబర్లు కూడా చేసే పొరపాటు. ట్యాపుని గోడలోకి బిగించేటప్పుడు టేపు కావాలి, అక్కడ నీళ్ళని ఆపేది మరే. ఈ నట్టు దగ్గర ఆపేది చదునైన వాషర్, మర దాన్ని నొక్కి పట్టడానికే. టేపు చుడితే నట్టు ముందే బిగుసుకుని వాషర్ సరిగ్గా నొక్కుకోదు, ఇంకా తిప్పితే నా పటమట కథే. నట్టు పెట్టి ముందు ఎడమవైపుకి ఒక చుట్టు దాకా తిప్పితే మర కలిసిన చోట చిన్న టక్ వస్తది, అక్కడి నుంచి కుడివైపు తిప్పండి, అడ్డంగా పట్టకుండా ఉంటది. చేత్తో తిరిగినంత బిగించి, ఆ పైన పట్టుకారుతో ఎక్కువలో ఎక్కువ పావు చుట్టు. అప్పటికీ చుక్క వస్తే ఇంకా బిగించడం కాదు, విప్పి వాషర్ చూడాలి.

మెషిన్‌ని వెనక్కి తొయ్యడమే చాలామంది పాడుచేసే ఘట్టం. పైపు తెలీకుండా గోడకి నలిగిపోద్ది. గోడకీ మెషిన్‌కీ మధ్య నాలుగైదు వేళ్ళ సందు ఉంచండి, పైపు పెద్ద వంపు తిరిగి దిగాలి, నట్టు కింద మొదటి రెండంగుళాలు వంగకుండా నిటారుగా ఉండాలి. టార్చి పట్టుకుని పక్క నుంచి తొంగి చూసి అప్పుడు ప్లగ్గు పెట్టండి.

ట్యాప్ ఒక్కసారిగా తెరవకుండా నిదానంగా తిప్పి, ఇందాకటి టిష్యూ పరీక్ష రెండు చివర్లా చెయ్యండి, పావుగంట తర్వాత ఒకసారి, మెషిన్ నీళ్ళు తీసుకుని ఠక్కున ఆపాక ఒకసారి, స్పిన్ అయ్యాక ఒకసారి. మూడూ పొడిగా ఉంటే అయిపోయినట్టే. మార్కర్‌తో పైపు మీద నెల, సంవత్సరం రాసెయ్యండి. నేను బాగున్నా సరే ఐదేళ్ళకి మార్పిస్తాను, యుటిలిటీలో మధ్యాహ్నం ఎండ నేరుగా పైపు మీద పడే ఇళ్ళల్లో ఇంకా ముందే చూస్తాను, ఎండకి పైతొడుగు బిరుసెక్కి వంచితే సన్నటి పగుళ్ళు కనపడతాయి. ఇక ఉతకడం అయిపోగానే ట్యాప్ కట్టెయ్యడం, ఇంట్లో అందరికీ చెప్పండి. మెషిన్ నీళ్ళు తీసుకునేది లోడుకి కొద్ది నిమిషాలే, ట్యాప్ తెరిచి ఉంచితే మాత్రం ఇరవై నాలుగు గంటలూ ప్రెషర్ పైపు మీదే. అది కుదరదు, పనమ్మాయి మర్చిపోద్ది అంటే కనీసం ఊరెళ్ళేటప్పుడన్నా కట్టండి.

టాప్ లోడ్ వాళ్ళు చదువుతుంటే ఒక్క మాట, మామూలు ట్యాప్ మూతికి నాలుగు స్క్రూలతో బిగించే అడాప్టర్ వాడుతుంటే ప్రెషర్ పంపు పెట్టాక దాన్ని నమ్మకండి. స్క్రూలు వదులై మొత్తం జారి ఊడొస్తది. మూతికి మర ఉన్న వాషింగ్ మెషిన్ ట్యాప్ వేయించుకోండి.

చివరగా, తీసిన పాత పైపు వెంటనే చెత్తలో వెయ్యకండి. ఉబ్బిన చోట బ్లేడుతో నిలువునా కోసి విప్పి చూడండి. అల్లిక దారాలు కప్పు అంచు వెంట వరసగా తెగి ఉంటే అక్కడ వంగి వంగి స్పిన్ అదురుకి తెగినట్టు, కొత్త పైపు వంపు మార్చాలి. దారాలు అలా వరసగా తెగకుండా లోపలి ట్యూబు పెళుసుగా, వంచితే విరిగేలా ఉంటే అది వయసు, ఎండ. పైతొడుగు మీద పక్కపక్కనే రెండేసి చిన్న గాట్లు, దారాలు కొరికినట్టు పీచు పీచుగా ఉంటే మాత్రం అది పైపు తప్పూ కాదు పంపు తప్పూ కాదు, మీ యుటిలిటీలోకి ఎలక వస్తోంది, ముందు ఆ డ్రైనేజీ గొట్టం పక్కన ఉన్న కంత మూయించండి, లేకపోతే కొత్త పైపు కూడా దానికే.